వానాకాలం ప్రయాణానికి రెయిన్ కవరా, లైనరా, డ్రై బ్యాగా? ఏది ఎవరికి

పోయినేడాది ఆగస్టులో నేనూ మా బావా బైక్ మీద వైజాగ్ నుంచి అరకు వెళ్లాం. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాకా చినుకులే, బొడ్డవర దాటి ఘాట్ ఎక్కడం మొదలెట్టాక పట్టుకుంది చూడండి వాన, అనంతగిరి వచ్చేదాకా వదల్లేదు. నేను బండి నడుపుతున్నా, వెనక బావ భుజాన నలభై లీటర్ల బ్యాగ్, దాని మీద బ్యాగ్‌తో పాటే వచ్చిన రెయిన్ కవర్. మాకేం బెంగ లేదు, కవరుంది కదా అని.

రూమ్‌కెళ్లి బ్యాగ్ తెరిస్తే పైన షర్టులు బాగానే ఉన్నాయి, చెయ్యి లోపలికి పోయేకొద్దీ చల్లగా తగుల్తోంది, అడుగున ఉన్న జీన్స్ పిండితే నీళ్లు కారాయి. పవర్ బ్యాంక్ కూడా అడుగునే ఉంది, బరువైన వస్తువు కింద పెడితే బ్యాగ్ బ్యాలెన్స్‌గా ఉంటుందని నేనే పెట్టా. అది మళ్లీ వెలగలేదు. "కవరేశాం కదరా, నీళ్లెక్కణ్ణుంచి దూరాయి?" అని బావ బ్యాగ్‌కి ఉన్న కవర్ విప్పితే, కవర్ అడుగున గ్లాసుడు నీళ్లు నిలబడి ఉన్నాయి. బయట వాన నీళ్లు కాదు అవి, లోపల చేరినవి.

ఎలా అంటే, రెయిన్ కవర్ బ్యాగ్ ముందు వైపునీ పక్కల్నీ మాత్రమే కప్పుతుంది. వీపుకి ఆనే వైపు, భుజాల పట్టీలు, ఇవన్నీ బయటే ఉంటాయి. వాన మెడ మీంచి, రెయిన్ కోటు మీంచి జారి సరిగ్గా బ్యాగ్‌కీ వీపుకీ మధ్యలోకి దిగుతుంది, అక్కడున్న మెత్తటి ఫోమ్ స్పాంజిలాగా పీల్చుకుంటుంది, పీల్చుకున్నది కుట్ల గుండా లోపలికి పోయేది పోగా మిగతాది కిందకి జారి కవర్ అడుగున చేరుతుంది. కవర్ ఎలాస్టిక్ గట్టిగా ఉంటే ఇంకా అన్యాయం, ఆ నీళ్లు బయటకి పోడానికి దారే ఉండదు. అంటే మన బ్యాగ్ ఓ చిన్న తొట్టిలో కూర్చుని అరకు వచ్చిందన్నమాట. కొన్ని కవర్లకి అడుగున చిన్న రింగు వేసిన కన్నం ఉంటుంది, అది డిఫెక్ట్ కాదు, నీళ్లు పోవడానికే. మీ దాంట్లో లేకపోతే ఒకటి పెట్టించుకోండి, చెప్పులు కుట్టే ఆయన నిమిషంలో వేసిస్తాడు.

అందుకని నేను రెయిన్ కవర్‌ని వాటర్‌ప్రూఫ్ లెక్కలో వెయ్యను. బురద పడకుండా, గుడ్డ బాగా నానిపోయి బ్యాగ్ బరువెక్కకుండా ఉంటుంది, అంతవరకే. బస్టాప్ నుంచి ఆఫీసుకి పది నిమిషాల నడక అయితే అది చాలు. గంటల తరబడి వానలో అయితే బ్యాగ్ ఎలాగూ తడుస్తుందనుకుని, లోపలున్నవి తడవకుండా చూసుకోవాలి. దానికున్నవి రెండే దారులు, బ్యాగ్ లోపల వేసే లైనర్, లేదా డ్రై బ్యాగ్.

ఈ రెండిట్లో ఏది అంటే చాలామంది మెటీరియల్ గురించీ ధర గురించీ అడుగుతారు, నేను మాత్రం ముందు ఒకటే అడుగుతా: దారిలో ఆ సంచి ఎన్నిసార్లు తెరుస్తారు? పొద్దున మూసి రాత్రి రూమ్‌లో తెరిచేదైతే లైనర్‌కి మించింది లేదు. దారిలో టీ కొట్టు దగ్గర వానలో నిలబడి తెరవాల్సిందైతే, కెమెరానో స్వెట్టరో మందులనో తీసి మళ్లీ పెట్టాల్సిందైతే, డ్రై బ్యాగ్ కొనాలి. ఎందుకంటే లైనర్‌ని సరిగ్గా మూయడానికి ఓపికా రెండు చేతులూ కాస్త పొడి చోటూ కావాలి, నాలుగోసారి ఎవరూ సరిగ్గా మూయరు, నేనూ మూయను.

ముందు లైనర్ సంగతి. పేరు పెద్దది కానీ వస్తువు మందపాటి పాలిథీన్ కవర్, అంతే. ఇంట్లో చెత్తబుట్టకి వాడే నల్ల కవర్లు మాత్రం వద్దు, చాలా పల్చన, బెల్టు బకిల్ తగిలినా చిరుగుతాయి, పైగా చిరిగినట్టు కనపడదు కూడా. ప్యాకింగ్ కవర్లు అమ్మే కొట్టుకెళ్లి గేజ్ చెప్పి అడగాలి. వాళ్లు మైక్రాన్లలో కాకుండా గేజ్‌లో మాట్లాడతారు, వంద గేజ్ అంటే దాదాపు 25 మైక్రాన్లు, మనకి కావాల్సింది 400 గేజ్, అంటే వంద మైక్రాన్లు. నేను పూర్ణా మార్కెట్ వైపు ఒక కొట్లో తీసుకున్నా, "బియ్యానికా అన్నా?" అని అడిగాడు, కాదు బట్టలకి అంటే వింతగా చూశాడు కానీ కాటా వేసి ఇచ్చాడు, ఒక్కోటి పాతిక ముప్పై రూపాయలు పడింది. పల్లెటూళ్లో ఉన్నవాళ్లకి ఇంకో దారుంది, కొన్ని రకాల ఎరువుల బస్తాల్లో లోపల వేరే పాలిథీన్ సంచి ఉంటుంది, అది గట్టిదే కానీ ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోదు, బట్టలకి నేనైతే వాడను.

సైజు దగ్గరే అందరూ తప్పు చేస్తారు, బ్యాగ్‌కి సరిపోయేది కొంటారు. బ్యాగ్ కన్నా బాగా పెద్దది ఉండాలి. మా నలభై లీటర్ల బ్యాగ్ లెక్క చెప్తా చూడండి: వెడల్పు 30 సెంటీమీటర్లు, లోతు 22, అంటే చుట్టుకొలత 104, కవర్‌ని చదునుగా పరిస్తే వెడల్పు అందులో సగం, అంటే కనీసం 52 ఉండాలి, అంటే 20 అంగుళాలు చిల్లర, కాస్త వదులుకి 24 తీసుకున్నా. పొడవు చూస్తే బ్యాగ్ ఎత్తు 60, అడుగు మడతకి ఇంకో 11, పైన మెలిపెట్టి కట్టడానికి కనీసం 30, మొత్తం 101, అంటే 40 అంగుళాలు. సో 24 బై 40. బరువు నూట పదిహేను గ్రాములు వచ్చింది, అంటే కొత్త సబ్బు ఒకటి అదనంగా మోసినట్టు. కవర్ బిగుతుగా ఉంటే బట్టల బరువంతా ప్లాస్టిక్ మీద పడి అతుకు దగ్గరో మూల దగ్గరో తెగుతుంది, వదులుగా ఉంటే బరువు బ్యాగే మోస్తుంది, కవర్ ఊరికే నీళ్లు ఆపుతుంది.

మూసే పద్ధతి ఇదీ. ఖాళీ బ్యాగ్‌లో ముందు కవర్ పెట్టి, నోరు బయటకి మడిచి, అప్పుడు బట్టలు సర్దాలి, బట్టలు కవర్లో నింపి తర్వాత బ్యాగ్‌లో కుక్కితే జిప్పుకి రాసుకుని చిరుగుతుంది. సర్దాక మోకాలితో మెల్లిగా నొక్కి గాలి తీసెయ్యాలి, మెడని జడలాగా గట్టిగా మెలి తిప్పాలి, మెలి తిరిగిన దాన్ని వెనక్కి మడిచి దాని మీదే రబ్బర్ బ్యాండ్ నాలుగు చుట్లు వెయ్యాలి. ముడి వెయ్యొద్దు. ముడిలో ముడతల మధ్య సన్నటి సందులు ఉండిపోతాయి, వాటి గుండా నీళ్లు మెల్లగా దిగుతాయి, పైగా రూమ్‌కెళ్లాక చలికి వేళ్లు వంగక ఆ ముడి రాదు, చించుతారు, తిరుగు ప్రయాణానికి లైనర్ లేదు. మా బావ మొదటిసారి సరిగ్గా అదే చేశాడు.

ప్రతి ట్రిప్‌కీ ముందు కవర్లో గాలి ఊది మెడ పట్టుకుని చెంప దగ్గర పెట్టుకుని నొక్కండి, సూది బెజ్జం ఉన్నా చల్లగా తగుల్తుంది. బెజ్జమైతే ప్యాకింగ్ టేపు రెండు వైపులా, చిరుగైతే ఇంక అది ఇంట్లో దుప్పట్లు దాచుకోడానికి. నాకు ఒక్కో కవర్ అయిదారు ట్రిప్పులు వస్తోంది.

ఇక డ్రై బ్యాగ్. నోటి దగ్గర గట్టి పట్టీ ఉండి, దాన్ని చుట్టి బకిల్ పెట్టే సంచి ఇది. షాపుల్లో కనపడేవి రెండు జాతులు. ఒకటి పీవీసీ టార్పాలిన్‌ది, లారీ పట్టాలాగా మందంగా, బరువుగా ఉంటుంది, అతుకులు కుట్టకుండా వేడితో అతికిస్తారు కాబట్టి కుట్టు కన్నాలే ఉండవు. ఇంకోటి పల్చటి నైలాన్, లోపల కోటింగ్ ఉంటుంది, కుట్టి పైన టేపు అతికిస్తారు, మడిస్తే పిడికిట్లో పడుతుంది. ఇరవై లీటర్ల పీవీసీది అరకిలో పైనే ఉంటుంది, నైలాన్‌ది అందులో అయిదో వంతు కూడా ఉండదు. బండి క్యారియర్ మీద బయట కట్టేదైతే పీవీసీ, బ్యాగ్ లోపల పెట్టుకునేదైతే నైలాన్, ఇందులో పెద్ద ఆలోచించేదేం లేదు. పల్చటి నైలాన్‌ని బయట కట్టి హుక్కుల తాడు లాగితే ఆ హుక్కే కన్నం పెడుతుంది. పీవీసీది అయితే సైలెన్సర్‌కి దూరంగా ఉంచండి, కట్టేటప్పుడు దూరంగానే ఉంటుంది, అరగంటయ్యాక సంచిలోని గాలి పోయి కిందకి జారుతుంది, అప్పుడు తగుల్తుంది. ముప్పై కిలోమీటర్లయ్యాక ఒకసారి ఆగి తాళ్లు మళ్లీ బిగించుకోవాలి.

ఏ డ్రై బ్యాగ్ అయినా గుడ్డ గుండా కారడం అరుదు, నోటి దగ్గరే కారుతుంది. నోటి రెండు అంచులూ సరిగ్గా కలిపి, మధ్యలో చొక్కా చెయ్యో చార్జర్ వైరో ఇరుక్కోకుండా చూసుకుని, కనీసం మూడు చుట్లు చుట్టాలి, గట్టిగా. రెండు చుట్లు సరిపోతాయిలే అనుకునేది సంచి నిండా కుక్కినప్పుడే, అంటే ఇరవై లీటర్ల సంచిలో నిజంగా పట్టేది పదిహేనే అనుకుని కొనుక్కోవాలి. చుట్టేముందు నొక్కి గాలి తీసేసి, చుట్టాక ఇంకోసారి నొక్కి చూడండి, బుస్‌మని గాలి వస్తే అదే దారిలో నీళ్లూ వస్తాయి. బండి మీద అడ్డంగా కట్టేటప్పుడు చుట్టిన నోరు ముందుకి, పైకి చూడకూడదు, గాలితో పాటు వాన సూటిగా మడతల్లోకి కొడుతుంది. నోరు వెనక్కో పక్కకో, కాస్త వాలుగా ఉండాలి.

కొన్నాక ట్రిప్ దాకా ఆగకుండా బాత్‌రూమ్‌లోనే పరీక్ష పెట్టండి. లోపల పొడి టిష్యూ పేపర్లు అడుగున ఒకటి, మూలల్లో ఒకటి, నోటి కింద ఒకటి పెట్టి, ఒక తువ్వాలు కుక్కి, మూసి, షవర్ కింద పావుగంట. తర్వాత ఏ టిష్యూ తడిసిందో చూస్తే ఎక్కడ కారుతోందో తెలిసిపోతుంది. నోటి కిందది తడిస్తే తప్పు మనది, ఇంకో చుట్టు చుట్టాలి. మూలది తడిస్తే తప్పు సంచిది, రిటర్న్ పెట్టెయ్యండి. బకెట్ నీళ్లలో ముంచి ఇది వాటర్‌ప్రూఫ్ కాదు అని రివ్యూలు రాస్తుంటారు కొందరు, ఈ చుట్టే రకం సంచులు వానకీ చిమ్మే నీళ్లకీ, పొరపాటున కాలవలో పడితే తీసేదాకానూ, ముంచి ఉంచడానికి కాదు.

అమ్మేవాళ్లు ఐపీఎక్స్ అంకెలు వేస్తారు కదా, ఐపీఎక్స్6 అంటే గట్టి నీటి ధారని తట్టుకుంటుందని, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పర్లేదని. చుట్టే సంచి మీద 7 అని కనపడితే నేను నమ్మను, ఆ మూత మనం చుట్టిన దాన్ని బట్టి ఉంటుంది, ఫ్యాక్టరీలో చుట్టిన దాన్ని బట్టి కాదు.

ఎలక్ట్రానిక్స్ విషయంలో మాత్రం నేను ఒక్క పొరని ఎప్పుడూ నమ్మను. షర్టు కాస్త తడిస్తే ఆరేసుకుంటాం, పవర్ బ్యాంక్ తడిస్తే అంతే. అందుకే పెద్ద లైనర్ ఉన్నా సరే, లోపల ఇంకో చిన్న మూత ఉండాలి. చార్జర్, కేబుళ్లు, పవర్ బ్యాంక్‌కి వంటింట్లో ఫ్రీజర్‌కి వాడే మందపాటి జిప్ కవర్ చాలు, డబుల్ జిప్ ఉన్నది తీసుకోండి, మూశాక జిప్ పొడుగునా వేలితో ఇంకోసారి నొక్కుకుంటూ పోండి. కెమెరాకి అయిదు లీటర్ల చిన్న డ్రై బ్యాగ్. ల్యాప్‌టాప్‌కి చాలామంది మెత్తటి స్లీవ్ ఉంది కదా అంటారు, ఆ స్లీవ్ దెబ్బ తగలకుండానే, నీళ్లకి అది స్పాంజి, ఒకసారి తడిసిందంటే ల్యాప్‌టాప్‌ని తడిగుడ్డలో చుట్టి పెట్టినట్టే.

ఇంకో సంగతి, నీళ్లు లోపలికి రాకుండానే వస్తువు తడుస్తుంది. ఏసీ రూమ్‌లో చల్లబడ్డ కెమెరాని తీసుకుని బయట తేమ గాలిలో సంచి తెరిస్తే లెన్స్ మీద, లోపల కూడా, మంచు పట్టినట్టు మసకేస్తుంది, చల్లటి కూల్‌డ్రింక్ సీసా చెమర్చినట్టే. సంచి మూసే ఉంచి అరగంట బయట పెట్టి, బయటి వేడికి వచ్చాక అప్పుడు తెరవాలి. చేతులు తడిగా ఉండి, వానలోనే కెమెరా లోపల పెట్టి గట్టిగా మూస్తే ఇంకా దారుణం, ఆ తడిని మనమే లోపల బంధించినట్టు. అందుకే చిన్న సంచిలో సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు వేస్తా, రంగు మారేవి తీసుకుంటే ఎప్పుడు పనిచెయ్యడం మానేసిందో కనపడుతుంది, నా దగ్గరున్నవి నారింజ రంగు నుంచి ఆకుపచ్చకి మారతాయి. చెప్పుల డబ్బాలో వచ్చిన పాత పొట్లం ఎప్పుడో తేమ తాగేసి ఉంటుంది, అది వేసి లాభం లేదు.

ఏదైనా తడిసిందే అనుకోండి, స్విచ్ వేసి చూడకండి, చార్జింగ్ పెట్టకండి, నేను ఆత్రం కొద్దీ ఆ పవర్ బ్యాంక్ బటన్ నొక్కా, బహుశా అక్కడే పోయింది. బియ్యంలో పెట్టడం వల్ల ఒరిగేదేం లేదు, ఫ్యాన్ గాలికి పెట్టండి, తడిసిన పవర్ బ్యాంక్ అయితే ఆరాక కూడా వాడకపోవడమే మంచిది, లోపల లిథియం సెల్స్ ఉంటాయి.

ఈ ఏడాది జులైలో మళ్లీ అదే రూట్, అదే బావ, అదే బ్యాగ్. ఈసారి ఎలా సర్దామంటే, బట్టలన్నీ 24 బై 40 లైనర్‌లో, అది బ్యాగ్ లోపల, రాత్రి దాకా ముట్టుకోలేదు. పవర్ బ్యాంక్, చార్జర్లు జిప్ కవర్లో, ఆ కవర్ లైనర్ లోపలే, అడుగున కాదు, బట్టల మధ్యలో. కెమెరా అయిదు లీటర్ల నైలాన్ డ్రై బ్యాగ్‌లో, అది లైనర్ బయట, బ్యాగ్ పైభాగంలో, ఎందుకంటే దారిలో తీస్తాం. డబ్బులూ కాగితాలూ ఇంకో చిన్న జిప్ కవర్లో నా జేబులో. ఖాళీ కవర్ ఒకటి మడిచి పక్క జేబులో, తడి బట్టలకి, ఎందుకంటే అరకులో విప్పిన తడి ప్యాంటు మళ్లీ లైనర్‌లో వేస్తే తెల్లారేసరికి పొడి బట్టలు కూడా ముక్కిపోయిన వాసనొస్తాయి. రెయిన్ కవర్ కూడా వేశాం, అడుగున కన్నం పెట్టించి. ఖర్చు చూసుకుంటే లైనర్లూ జిప్ కవర్లూ కలిపి వంద దాటలేదు, ఖరీదంతా ఆ చిన్న డ్రై బ్యాగ్‌దే. టైడా దగ్గర ఆగినప్పుడు వాన, అనంతగిరి దగ్గర వాన, కెమెరా మూడుసార్లు బయటకొచ్చి లోపలికి వెళ్లింది. రూమ్‌లో తెరిస్తే బ్యాగ్ ఫోమ్ మొత్తం నానిపోయి ఉంది, లైనర్ పైన చేత్తో తుడిస్తే నీళ్లు, లోపల లుంగీ ఇస్త్రీ మడతతో సహా ఉంది, బావ ముందు దాన్నే తీసి చూశాడు.

బస్సులో వెళ్లేవాళ్లకి ఇంత అక్కర్లేదు, కానీ డిక్కీలో పెట్టే బ్యాగ్‌కి లైనర్ తప్పకుండా వెయ్యండి, అక్కడ అడుగు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, పక్కవాళ్ల చేపల బుట్ట నీళ్లు కూడా మీకే. రైల్లో సీటు కింద పెడితే కూడా అంతే, తలుపు దగ్గర నుంచి నీళ్లు బోగీ అంతా పారుతూ వస్తాయి. ల్యాప్‌టాప్ మాత్రం పైన, మీ దగ్గర.

తిరిగొచ్చాక డ్రై బ్యాగ్‌ని తిరగేసి నీడలో పూర్తిగా ఆరబెట్టి, చుట్టకుండా వదులుగా తగిలించండి. నైలాన్ వాటిలో లోపలి కోటింగ్ తేమలో మడిచి ఏడాది పడేస్తే జిగురుగా మారి పొరలు పొరలుగా ఊడిపోతుంది, ఒకలాంటి పుల్లటి వాసన కూడా వస్తుంది. నా పాతది అలాగే అటక మీద పోయింది. మీది ఎప్పుడో కొని మర్చిపోయి ఉంటే, మే నెలలోనే ఒకసారి తీసి లోపల వేలు పెట్టి చూడండి, వేలికి అంటుకుంటోందంటే అది ఇంక కూరగాయల సంచే.